పది అంకణాల ఇంటికి ఇసుక లెక్క

"మామా, పది అంకణాల ఇంటికి సిమెంటు, కమ్మీ, ఇసుక ఎంత పడద్దో నోటి లెక్క చెప్పు చాలు" అన్నాడు జువ్వలదిన్నెలో బోటున్న మా దూరపు బంధువు. మా నెల్లూరు జిల్లాలో అంకణం అంటే 72 చదరపు అడుగులు. పది అంకణాలంటే 720.

నేను సైట్ల మీద నేర్చుకున్న సూత్రం చిన్నదే. కట్టే ప్రతి చదరపు అడుగుకీ 0.4 బస్తా సిమెంటు, 4 కిలోల స్టీలు, 1.8 ఘనపుటడుగుల ఇసుక. ఆ లెక్కన ఆ ఇంటికి 288 బస్తాలు, 2,880 కిలోలు, సుమారు 1,300 ఘనపుటడుగులు. నూరు ఘనపుటడుగుల యూనిట్లలో చెప్పాలంటే 13 యూనిట్ల ఇసుక.

సిమెంటంతా స్లాబుకే పోతుందని చాలామంది అనుకుంటారు. ఐదంగుళాల స్లాబు 720 అడుగులకి 300 ఘనపుటడుగుల కాంక్రీటు. ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్లలో కలిపితే 68 బస్తాల దగ్గర సరిపోతుంది. మిగతా 220 బస్తాలు పునాదుల్లో, పిల్లర్లలో, బీముల్లో, గోడల్లో, పూతల్లో కలిసిపోతాయి. అందుకే స్లాబు అయిపోయింది కదా అని డబ్బు సర్దేసుకున్నవాళ్లు పూత పనుల దగ్గర ఆగిపోతారు.

అయితే ఈ సూత్రం ఊరి లోపలి ఇళ్లది. సముద్రపు గాలి నేరుగా తగిలే కాంక్రీటు కనీసం ఎం30 ఉండాలని, కమ్మీ మీద 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలని ఐఎస్ 456 చెబుతుంది. అందుకని అలలకి దగ్గరగా కట్టే ఇంటికి నేను సిమెంటు 0.45 బస్తా వేసుకుంటాను. 288 కాస్తా 324 అవుతుంది. స్టీలు నాలుగు కిలోల దగ్గరే ఉంచుతాను. కవరు బ్లాకుల ఖర్చు చిన్నదే, వాటిని వదిలేస్తే వచ్చే నష్టమే పెద్దది.

అసలు తేడా ఇసుకలో ఉంది. ఇంటి చుట్టూ ఇసుకే కనబడుతుంటే పెన్న నుంచి దూరం తోలించడమెందుకని అక్కడ ఎవరికైనా అనిపిస్తుంది. అలా ఆ తీరపు ఇసుకతోనే కట్టిన ఒక ఇంటి స్లాబు అడుగున కమ్మీ వెంటే సాగిన గోధుమరంగు చారని నేను వేలితో తడిమి చూశాను. చార పక్కన సన్నని పగులు, పగులు దగ్గర గోరు పెడితే పెచ్చు ఊడి వచ్చింది. లోపల కమ్మీ పొరలు పొరలుగా లేచి ఉంది. తుప్పుకి ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి, అందుకే అది కాంక్రీటుని పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఇసుకలో ఉప్పుందా లేదా అన్నది నాలుకతో తేల్చే సంగతి కాదు. గుప్పెడు ఇసుకని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, తేరుకున్న నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే, ఉప్పున్న నీళ్లు పాలలాగా తెల్లబడతాయి. అలా తెల్లబడిన ఇసుక లోడుని నేను దింపనివ్వను.

మంచి ఇసుకే తెచ్చినా కొలత మోసం చేస్తుంది. సూత్రంలోని 1.8 పొడి ఇసుకది. లారీలో వచ్చేది చెమ్మ ఇసుక. చెమ్మకి గింజలు ఒకదానికొకటి దూరంగా నిలబడి రాశి ఉబ్బుతుంది. బక్కెట్లో ఆ ఇసుకని పది అంగుళాల ఎత్తున వదులుగా పోసి, తీసి పక్కన పెట్టి, బక్కెట్లో సగం దాకా నీళ్లు పోసి ఆ ఇసుకనే మళ్లీ వేసి కదిపి చూశాను. ఎనిమిది అంగుళాలకి దిగింది. అంటే అటువంటి ఇసుక సుమారు 16 యూనిట్లు దింపుకుంటేనే మనకి కావాల్సిన 13 యూనిట్లు చేతికొస్తాయి. టన్నుల్లో కొంటే ఉబ్బు గొడవ ఉండదు గానీ ఆ చెమ్మ నీటి బరువుకి డబ్బు కడతాం.

ఇంకొకటి సూత్రంలో అసలు లేదు, బేస్‌మెంటు నింపడం. వాన నీళ్లు నిలిచే తీరపు ఊళ్లో ఇల్లు రెండడుగులైనా ఎత్తు లేపుతారు. గోడల మందం పోను 600 చదరపు అడుగుల్ని రెండడుగుల ఎత్తు నింపాలంటే 1,200 ఘనపుటడుగులు. నీళ్లు కొట్టి దిమ్మిస వేస్తే దిగుతుంది కాబట్టి 15 యూనిట్లు తోలించాలి. ఇల్లు కట్టే ఇసుకకి దాదాపు సమానంగా ఇల్లు లేపే మట్టీ కావాలన్నమాట! ఇది విని మా వాడు ముందు నమ్మలేదు. తాడు పట్టి కొలిపించాను.

బీచి ఇసుకతోనే నింపేద్దామా అని అడిగాడు. వద్దన్నాను. చెమ్మతోపాటు ఆ ఉప్పు గోడల్లోకి ఎక్కి అడుగు పూతని తెల్లటి పొట్టులా రాలుస్తుంది. గ్రావెల్ తోలించుకోమన్నాను. వాడి చిట్టీలో ఇసుక అని ఉన్న ఒక్క వరసని కొట్టేసి రెండు వరసలు రాశాం. కట్టడానికి చెమ్మ ఇసుక 16 యూనిట్లు, నింపడానికి గ్రావెల్ 15 యూనిట్లు.