ధ కింద గీత

నా పాత కాలమ్‌లను పుస్తకంగా వేస్తామని ఒక ప్రచురణకర్త అడిగారు. సంతోషంగా ఒప్పుకున్నాక గుర్తొచ్చింది, నా దగ్గర సాఫ్ట్ కాపీలంటూ లేవని. కొన్ని ఫైళ్లు ఉన్నాయి గానీ అవి అను ఫాంట్లలో కంపోజ్ చేసినవి. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలిసిన పిచ్చిగీతలు కనిపిస్తాయి. మిగిలిందల్లా ఒక లాంగ్ నోటుబుక్కు. అందులో కొన్ని అంటించినవి, కొన్ని ఊరికే మడిచి పెట్టినవి, పసుపెక్కిన పేపరు కటింగులు.

మా మేనకోడలు పని తన మీద వేసుకుంది. ఫోన్లో స్కానింగ్ యాప్ తెరిచి, ఒక్కో కటింగూ తీసి, అక్షరాలు చదివే టూల్‌కి ఇచ్చింది. స్కాన్లు చూసి నేను మురిసిపోయాను. పసుపు పోయింది, మడతలు పోయాయి, మల్లెపువ్వులాంటి తెలుపు మీద కాటుకలాంటి నలుపు. ఆ తర్వాత టూల్ రాసిచ్చిన పాఠం చదివాను. మా ఊరి ఊటబావి గురించి రాసిన కాలమ్‌లో "ఆ బావికి భావి లేదు" అని ఒక వాక్యం ఉంది. చమత్కారం అనుకుని రాసుకున్నదే. టూల్ చేతిలో అది "ఆ బావికి బావి లేదు" అయింది. పక్క పేరాలో "ధర" కాస్తా "దర" అయింది, "గాఢంగా" అన్నది "గాడంగా" అయింది.

"టూల్‌కి తెలుగు సరిగా రాదేమో మావయ్యా" అంది.

నేనూ అలాగే అనుకున్నాను. కానీ తప్పులన్నీ ఒకే జాతివి. ద-ధ, బ-భ, డ-ఢ, ప-ఫ. ఈ జంటల్లో తేడా దాదాపు అంతా అక్షరం అడుగున వేలాడే ఒక చిన్న నిలువు గీతదే. స్కాన్‌ను తెర మీద పెద్దది చేసి చూశాం. "భావి"లో ఆ గీత లేదు. టూల్ తప్పు చదవలేదు, ఉన్నదే చదివింది. గీతను తుడిచేసింది యాప్.

స్కానింగ్ యాప్ నిజానికి రెండు వేరు వేరు పనులు చేస్తుంది. మనకు ఒకే మీట నొక్కినట్టుంటుంది కాబట్టి ఒకే పని అనుకుంటాం. మొదటిది ఆకారం సరిచేయడం. ఫోను కాస్త వంచి పట్టుకుంటే కాగితం ఒకవైపు ఇరుకైన పలకలా పడుతుంది. యాప్ నాలుగు మూలలు వెతికి, దాన్ని లాగి దీర్ఘచతురస్రం చేస్తుంది, చుట్టూ ఉన్న టేబులూ దుప్పటీ కత్తిరిస్తుంది. ఇది టూల్‌కి మేలే. పంక్తులు తిన్నగా ఉంటే ఒక పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులతో కలిసిపోయినట్టు కనిపించే ప్రమాదం తగ్గుతుంది. రెండో పని రంగు దిద్దడం. కాగితాన్ని తెల్లగా, సిరాను నల్లగా చేయడం. కన్ను మురిసేది దీన్ని చూసే. నష్టం జరిగేదీ ఇక్కడే.

నలుపు-తెలుపు ఫిల్టర్ ప్రతి చుక్కనూ అటో ఇటో తేల్చేస్తుంది, మధ్యలో బూడిదరంగు ఉండదు. న్యూస్‌ప్రింట్ మీద సిరా పీల్చుకుపోయి సన్నగీతలు ముందే వెలిసి ఉంటాయి. కటింగులో మామూలు అక్షరం ఎత్తు సుమారు 2 మిల్లీమీటర్లు అనుకుంటే, ధ కింద గీత అందులో సుమారు ఏడో వంతే ఉంటుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున తీస్తే అక్షరానికి ఇరవై నాలుగు చుక్కలు దక్కుతాయి, గీతకు మూడు నాలుగు. ఆ మూడు నాలుగూ బూడిదరంగులో ఉంటే ఫిల్టర్ వాటిని మరకగా లెక్కేసి తెలుపులో కలిపేస్తుంది. కంటికి శుభ్రంగా కనిపించడం వేరు, సమాచారం మిగలడం వేరు.

అదే కటింగును ఈసారి మామూలు కెమెరాతో తీశాం. పగటిపూట, కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, ఫోను కాగితానికి సమాంతరంగా పట్టుకుని. పసుపు అలాగే ఉంది, మడత గీతా ఉంది. చూడ్డానికి పాత సామాన్ల కొట్టులో కాగితంలా ఉంది. టూల్ మాత్రం "భావి"ని "భావి" అనే చదివింది.

అయితే ఫోటోయే గెలిచిందని ఊరేగింపు తీయడానికి లేదు. సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫోటోలో నా చెయ్యి నీడ సగం కటింగు మీద పడింది. ఉచితంగా దొరికే టెసరాక్ట్ లాంటి టూల్ పంక్తులెక్కడున్నాయో వెతకడానికి ముందు తానే బొమ్మను నలుపు-తెలుపుగా మార్చుకుంటుంది. మామూలు సెట్టింగులో అది వాడేది 1979లో ఒత్సు అనే జపాన్ శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి. పేజీ మొత్తానికీ ఒకటే హద్దు, దానికంటే ముదురైతే నలుపు, లేతైతే తెలుపు. నీడలో ఉన్న కాగితం ఆ హద్దు దాటితే అక్కడంతా మసిబొగ్గే. అలాంటి ఫోటో కంటే నీడ తీసేసిన యాప్ స్కానే నయం. ఐదో వెర్షన్ నుంచి టెసరాక్ట్‌లో చుట్టుపక్కల వెలుగును బట్టి హద్దు మార్చుకునే పద్ధతి కూడా ఉంది గానీ, దాన్ని మనమే ఎంచుకోవాలి.

ఇప్పుడొస్తున్న ఏఐ టూల్స్ రంగు ఫోటోనే చూస్తాయి, నీడకు అంతగా బెదరవు. వాటి చిక్కు మరోటి. పాత టూల్‌కి అక్షరం అందకపోతే చెత్త రాస్తుంది, చెత్త కనబడుతుంది. కొత్తది సందర్భాన్ని బట్టి పూరించుకుంటుంది. ఫిల్టర్ కొట్టిన స్కాన్‌లో బావి లోతు "38 అడుగులు" అన్నచోట 8 ఎడమ అంచు చెరిగిపోయింది. కొత్త టూల్ ఏ తడబాటూ లేకుండా "33 అడుగులు" అని రాసేసింది. వాక్యం చక్కగా ఉంది, వ్యాకరణం చక్కగా ఉంది, బావే ఐదడుగులు పూడిపోయింది.

చివరికి మేం పట్టుకున్న పద్ధతి ఇది: యాప్‌తోనే తీస్తాం, ఫిల్టర్‌ను "ఒరిజినల్" మీద పెడతాం. ఆకారం సరిదిద్దుకుంటుంది, రంగు జోలికి పోదు. పీడీఎఫ్‌గా కాకుండా జేపెగ్‌గా దాస్తాం, ఎందుకంటే కొన్ని యాప్‌లు పీడీఎఫ్ చేసేటప్పుడు బొమ్మను కుదించేస్తాయి. మొదట్లో మేనకోడలు వాటిని నాకు వాట్సాప్‌లో ఫోటోలుగా పంపేది. అలా మామూలు క్వాలిటీలో పంపితే పొడవు సుమారు 1600 చుక్కలకు తగ్గిపోతుంది. ఏ4 కాగితం మొత్తం తీసిన ఫోటో అయితే అంగుళానికి 137 చుక్కలే మిగిలినట్టు, మన గీతకు రెండు కూడా రావు. డాక్యుమెంట్‌గా పంపితే ఆ బాధ లేదు. ఏఐ టూల్స్ కూడా పెద్ద బొమ్మను తమ పరిమితికి తగ్గించుకుంటాయి కాబట్టి పొడుగాటి కటింగును రెండు ముక్కలుగా తీస్తున్నాం, కోత దగ్గర రెండు పంక్తులు రెండిట్లోనూ వచ్చేట్టు.

ముందు తీసినవన్నీ మళ్లీ తీయలేదు. ఒక్కోటి తెరిచి, ఒక ధనో భనో వెతికి, పెద్దది చేసి చూస్తాం. గీత ఉంటే సరే, లేకపోతే మళ్లీ ఫోటో.

వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనిపించే కటింగులు ఇంకో తలనొప్పి. మడిచి పెట్టినవాటి వెనక నల్ల అట్ట పెడితే ఆ నీలినీడలు చాలావరకు మాయమవుతాయి. కాగితం కాస్త బూడిదరంగు తేలుతుంది గానీ టూల్‌కి ఫరవాలేదు. మైదాపిండి జిగురుతో అంటించినవాటి వెనక ఏ అట్టా దూరదు, ఊడదీయబోతే చిరుగుతున్నాయి. వాటిని మాత్రం నేనే కూర్చుని టైపు చేస్తున్నాను.