చెక్క మడి పొట్ట ఉబ్బకుండా

డాలస్ పక్కన ప్లేనో, ఫ్రిస్కో ఊళ్ళలో స్థిరపడ్డ తెలుగువాళ్ళు పెరట్లో పార దించితే తగిలేది ఎరిగిన మట్టే. అక్కడి నల్లబంకమట్టి, మన నల్లరేగడి ఒకే జాతి నేలలు. వానకు ఉబ్బుతాయి, ఎండకు నెర్రెలిస్తాయి. రెండూ పత్తికి పేరుపడ్డవే. కూరగాయలకొచ్చేసరికి మాత్రం ఆ మట్టిలో నీరు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి. దానికితోడు అక్కడ పచ్చికగా పెంచే బెర్ముడా గడ్డి మరేదో కాదు, మన గరికే. ఎంత పీకినా మళ్ళీ లేస్తుంది. అందుకే అక్కడ బెండా, వంగా, గోంగూరా వేసుకునేవాళ్ళు నేలమీద చెక్క పలకలతో పెట్టె కట్టి, అందులో మంచి మట్టి పోసి, ఎత్తు మడి చేసుకుంటారు.

పెట్టె కట్టడం ఒక్క రోజు పని. అది నాలుగు కాలాలు నిలవడమే కష్టం. రెండు వానాకాలాలు గడిచేసరికి చాలా మడుల పొడుగు పక్కలు నడుమ బయటికి ఉబ్బుతాయి. మూలల్లో స్క్రూలు ఊడి వస్తాయి, సందుల్లోంచి మట్టి కారుతుంది. చెక్క నాసిరకమనుకుంటారు గానీ చాలాసార్లు తప్పు చెక్కది కాదు, కట్టిన తీరుది.

ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు మడిని తీసుకుందాం. వెడల్పు నాలుగు అడుగులు మించితే మడిలోకి దిగకుండా నడిమి మొక్క చేతికందదు. కొట్లో ‘రెండు బై పది’ అని అమ్మే సెడార్ పలక నిజానికి ఒకటిన్నర అంగుళాల మందం, తొమ్మిదింబావు అంగుళాల వెడల్పు ఉంటుంది. ఒకదానిమీద ఒకటి రెండు వరసలు నిలిపితే పద్దెనిమిదిన్నర అంగుళాల ఎత్తు వస్తుంది. ఎనిమిది అడుగుల పలకలు ఆరు కావాలి. నాలుగు పొడుగు పక్కలకు పోతే, మిగిలిన రెండింటిని సగానికి కోసి పొట్టి పక్కలకు వాడతాం. పలకల్లో లేత రంగు అంచు తక్కువగా, ఎర్రటి చేవ ఎక్కువగా ఉన్నవాటిని ఏరుకోవాలి. పుచ్చును ఆపేది చేవే.

మూలల దగ్గర పలకను పలకకే నేరుగా బిగించేయాలనిపిస్తుంది. అలా చేస్తే స్క్రూ రెండో పలక కోసిన చివర్లోకి, నార వెంబడే దిగుతుంది. అక్కడ దానికి పట్టు దొరకదు. చెక్క తడిసి ఆరిన కొద్దీ వదులైపోతుంది. మూలలో లోపలివైపు మూడున్నర అంగుళాల చదరపు గుంజ నిలిపి, రెండు పలకలనూ దానికి బిగిస్తే స్క్రూ గుంజ నారకు అడ్డంగా దిగి గట్టిగా పట్టుకుంటుంది. గుంజను పలకలకంటే అర అంగుళం పొట్టిగా కోస్తే మట్టి దాన్ని కప్పేస్తుంది.

ప్రతి పలక చివరా మూడు స్క్రూలు చాలు, పొడవు మూడు అంగుళాలు. ముందు సన్న డ్రిల్లుతో దారి చేసుకోకపోతే సెడార్ అంచు చీలుతుంది. ఒక పక్క స్క్రూలు, రెండో పక్క స్క్రూలు గుంజలో ఢీకొనకుండా ఎత్తులు మార్చి వేయాలి. మామూలు ఇనప స్క్రూలు సెడార్‌లోని రసాయనానికి నల్లటి చారలు కార్చి తుప్పుపడతాయి కనుక స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ, బయటి పనులకని పూత పూసినవి గానీ వాడాలి. బిగించాక ఎదురెదురు మూలలకు టేపు పట్టి చూస్తే రెండు కొలతలూ సమానంగా రావాలి. అప్పుడే మూలమట్టం కుదిరినట్టు.

ఇక ఉబ్బు సంగతి. తడిసిన మట్టి కిందికే కాదు, పక్కకూ తోస్తుంది. లోతు పెరిగేకొద్దీ ఆ తోపుడు పెరుగుతుంది. అందుకే మడి ఎత్తు రెట్టింపైతే పక్కమీద మొత్తం భారం నాలుగింతలవుతుంది. మన మడిలో నిండా తడిసిన మట్టి ఒక్కో పొడుగు పక్కను ఇంచుమించు రెండు వందల కిలోల బలంతో తోస్తుంది. అందులో ముప్పాతిక వంతు కింది పలకే మోయాలి.

చెక్క దీన్ని మోయగలదా అన్నది రెండు కొలతలమీద ఉంటుంది. మందం రెట్టింపైతే వంగు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ముప్పావు అంగుళం పలకలతో కట్టిన మడి తొందరగా ఉబ్బడానికి ఇదే కారణం. ఆధారానికీ ఆధారానికీ మధ్య దూరం సగమైతే వంగు పదహారో వంతుకంటే తక్కువకు దిగుతుంది. అంటే ఎనిమిది అడుగుల పక్కకు సరిగ్గా నడుమ ఒక ఆధారం ఇవ్వడమే అన్నిటికంటే చవకైన బలం.

ఆ ఆధారం కోసం చాలామంది నడిమి గుంజను అడుగున్నర లోతు నేలలో పాతుతారు. గట్టి నేలలో అది పనిచేస్తుంది. నల్లమట్టిలో మాత్రం ఎండాకాలం గుంజ చుట్టూ నెర్రె విచ్చుకుంటుంది, పట్టు పోతుంది. పాతిన భాగం ముందుగా పుచ్చుతుంది కూడా. దీనికి విరుగుడు ఆ తోపుడులోనే ఉంది. ఎదురెదురు పక్కలు రెండింటినీ మట్టి ఒకే బలంతో, వ్యతిరేక దిశల్లో తోస్తోంది. వాటిని ఒకదానికొకటి కట్టేస్తే, ఒకదాని తోపుడును మరొకటి ఆపుతుంది. నేలతో పని లేదు.

అందుకు రెండు పొడుగు పక్కలకూ సరిగ్గా నడుమ, లోపలివైపు ఒక్కో గుంజను పై పలకకూ కింది పలకకూ కలిపి బిగించాలి. నేలకు ఎనిమిది అంగుళాల ఎత్తులో, రెండు వైపులా పలకనూ గుంజనూ కలిపి బెజ్జం వేయాలి. ఆ బెజ్జాల్లోంచి మూడు ఎనిమిదో వంతుల అంగుళం మందమున్న, జింకు పూసిన మరల కడ్డీని అడ్డంగా దూర్చి, బయట వెడల్పాటి వాషరు వేసి నట్టు బిగించాలి. చిన్న వాషరైతే చెక్కలోకి కూరుకుపోతుంది. పలక లోపలికి వంగేదాకా బిగించకూడదు, దారం పట్టి చూస్తే తిన్నగా ఉంటే చాలు. మట్టి పైనుంచి కడ్డీ పది అంగుళాల లోతున ఉంటుంది కనుక తొలికకు అడ్డురాదు.

లైనింగ్ పక్కలకే, అడుగుకు కాదు. మందపాటి పాలిథిన్ షీటును లోపలి గోడలకు, పై అంచుకు రెండు అంగుళాలు కిందుగా స్టేపుల్ చేయాలి. అది తడిమట్టిని చెక్కకు అంటనివ్వదు. షీటు కింది చివరను లోపలికి మడవకుండా వదిలేయాలి. మడిస్తే నీళ్ళు అక్కడే నిలిచి చెక్కను కుళ్ళబెడతాయి. అడుగున గరికను దుంపలతోసహా తవ్వి తీసేసి, దానిమీద టేపు ఊడదీసిన అట్టలు పరిస్తే సరిపోతుంది. వేళ్ళు వాటిని దాటుకుని కిందికి పోతాయి.

మడి నింపడానికి పెరటి నల్లమట్టి వాడకూడదు. పెట్టెలో ఉబ్బి అది కూడా పక్కలను తోస్తుంది. కంపోస్టు కలిపిన తేలిక మట్టి ఇంచుమించు నలభై అయిదు ఘనపుటడుగులు పడుతుంది.

ఇప్పటికే ఉబ్బిన మడి ఉంటే పై అంచు వెంట మూల నుంచి మూలకు దారం లాగి చూడండి. రెండు పొడుగు పక్కలూ నడుమే బయటికి పోయి ఉంటే అది మట్టి తోపుడు. ఒక్క పలకే, అదీ పై అంచూ కింది అంచూ దోనెలా ముడుచుకుంటే చెక్క ఆరడంలో వచ్చిన వంకర, దాన్ని వదిలేయవచ్చు. మట్టి తోపుడైతే ముందు ఆ పక్కల వెంట మట్టిని కాలువలా తోడేయాలి. తర్వాతే కడ్డీ వేసి, నట్టును కొంచెం కొంచెంగా తిప్పుతూ పక్కను లోపలికి లాగాలి. మట్టి నిండుగా ఉండగా లాగితే గుంజ స్క్రూలు ఊడతాయి.

గోంగూర, తోటకూర, మెంతికూర మాత్రమే వేసుకునేవాళ్ళకు ఇంత ఎత్తు అక్కర్లేదు. ఒక్క పలక ఎత్తు మడి చాలు. దానిమీద భారం నాలుగో వంతే కనుక కడ్డీ కూడా అక్కర్లేదు, ఒక్కో పొడుగు పక్క నడుమ నేలలో పాతిన గుంజ చాలు. నడుము వంచలేని పెద్దవాళ్ళకోసమో, వంగలాంటి లోతు వేళ్ళ పంటకోసమో రెండో పలక ఎక్కించదలిస్తే మాత్రం కడ్డీకి బెజ్జాలు మట్టి పోయకముందే వేయాలి.