నష్టపోయిన గుంటను ముందు పెట్టు

ఈ వారం నన్ను విసిగించింది ఒక సూర్యోదయం. జువ్వలదిన్నె రేవులోది కాదు, లింక్డ్‌ఇన్‌లోది. ముత్తుకూరు ఫిషరీ కాలేజీలో చదివి రొయ్యల గుంటల మీద తిరుగుతున్న మా బోగోలు కుర్రాడు మేత కంపెనీలో ఉద్యోగానికి వెళ్తూ, ‘నా ప్రొఫైల్ చూడు పెదనాన్నా’ అన్నాడు. పైన బ్యానర్ నిండా సముద్రం, ఎర్రటి పొద్దు. రొయ్య ఎక్కడా లేదు.

బోర్డు కాదు, సరుకు చూడాలన్నది నా పాత పాట, ఈ కాలమ్ చదివేవాళ్లకు కంఠతా వచ్చు. బ్యానర్ తీసెయ్యమని చెప్పబోయి ఫోన్‌లో తెరిచాను. ముందు కనబడేది ఆ బ్యానరే. పని చూపించే ‘ఫీచర్డ్’ విభాగం చాలా కిందికి జరిపితేగానీ రాదు. ఇక్కడ నా పాట చెల్లలేదు. సరే, బొమ్మ ఉండనీ, గుంట గట్టు మీద చెక్ ట్రే ఎత్తి మేత చూస్తున్న ఫొటో పెట్టమన్నాను. కొలత 1584 × 396 పిక్సెళ్లు. ఎడమవైపు కింద ముఖం ఫొటో వచ్చి కూర్చుంటుంది కనుక ట్రే కుడివైపు రావాలి. అక్షరాలు రాస్తే ఫోన్‌లో చీమల్లా కనిపిస్తాయి, వద్దన్నాను.

లింక్ పని చిన్నదే. పేరు వెనక అంకెల తోక ఉంది. కంప్యూటర్లో ‘Public profile & URL’ దగ్గర పెన్సిల్ గుర్తు నొక్కి తీసేశాడు. పేరు పక్కన ఇప్పటి కంపెనీని తగిలించబోతే ఆపాను, ఉద్యోగం మారితే రెజ్యూమేలన్నీ మళ్లీ దిద్దుకోవాలి.

పేచీ ఫీచర్డ్ దగ్గర వచ్చింది. మొదటి కార్డు సన్మానం ఫొటో, శాలువాతో. అలాంటిది అందరికీ ఉంటుంది. ‘నీ చేతిలో చెడిన పంట ఏదీ లేదా?’ అన్నాను. ఉంది. ఒక వెనామీ గుంటలో అరవయ్యో రోజు చెక్ ట్రేలో మేత మిగిలింది, రొయ్యలు గట్టుకొచ్చాయి, తలపెంకు మీద తెల్లమచ్చలు. నలభై కౌంట్ దాకా ఆగుదామన్న రైతును ఒప్పించి వంద కౌంట్‌కే పట్టించేశాడు. నీళ్లు బ్లీచింగ్ చెయ్యకుండా కాలవలోకి వదలనివ్వలేదు. రైతుకు నష్టమే, పక్క గుంటలు మాత్రం నిలిచాయి.

‘నష్టం ఎవరైనా ముందు పెడతారా?’ అన్నాడు. మేత కంపెనీ మేనేజరు ఇంటర్వ్యూలో అడిగేదే అది కదా, ఏ రోజు ఏం చూసి ఏం చేశావని! రోజువారీ లెక్కల పుస్తకంలోంచి రెండు పేజీల పీడీఎఫ్ చేయించాను. ఫీచర్డ్‌లోది ఎవరైనా చూడొచ్చు కనుక రైతు పేరు, సర్వే నంబరు తీయించాను. ‘తెల్లమచ్చ గుంట: అరవయ్యో రోజు నిర్ణయం’ అని శీర్షిక పెట్టి మొదటి స్థానానికి జరిపాడు. శాలువా ఫొటో రెండోదిగా ఉంది. దాన్నీ తీసెయ్యమంటే, ‘అమ్మ చూస్తుంది పెదనాన్నా’ అన్నాడు.