ఒకే మిల్లు లెక్క, రెండు ఇంగ్లీషు ప్రతులు

గుంటూరు దగ్గర కారం మిల్లు కోసం విదేశీ రుణసంస్థను డాలర్లలో అప్పు అడిగే ప్రణాళిక ఒకటి ఉందనుకుందాం. తెలుగు ప్రతిలో కీలక వాక్యాలు మూడు: "సీజన్‌లో రోజుకు 6 టన్నుల కారం ఆడతాం. కిలో 200 చొప్పున మొదటి ఏడాది అమ్మకాలు 12 కోట్లు. నెలకు 20 టన్నులు హైదరాబాద్ వ్యాపారి కొంటారు." వీటిని రెండు రకాలుగా ఇంగ్లీషులోకి తేవచ్చు.

మొదటి ప్రతి సాఫీగా చదివిస్తుంది. అందులో "సీజన్‌లో" అన్న మాట జారిపోయింది. దాంతో విదేశీ అనలిస్టు ఏడాదికి 300 పనిదినాలు వేసుకుంటాడు. 1,800 టన్నులు, 36 కోట్లు తేలతాయి. ప్రణాళికలో ఉన్నది 12 కోట్లే కనుక మిగతా అంకెల మీదా నమ్మకం పోతుంది. రెండో ప్రతిలో అనువాదకుడు సొంతంగా ఊహించకుండా యజమానిని అడిగి, 100 రోజులని తెలుసుకుని, ఆ సంగతిని "యజమాని చెప్పినది" అన్న గుర్తుతో అజంప్షన్ల పట్టికలో చేర్చాడు. ఇప్పుడు 600 టన్నులు, 12 కోట్లు సరిపోతాయి.

వ్యాపారి సంగతి ఇంకా సున్నితం. "కొంటారు" అనే క్రియ ఇప్పుడు జరుగుతున్నదానికీ, ఇకముందు జరగబోయేదానికీ సరిపోతుంది. మొదటి ప్రతి దాన్ని ఇప్పటికే ఉన్న ఖాతాగా మార్చింది. మిల్లే ఇంకా లేనప్పుడు అది తప్పుడు హామీ అవుతుంది. రెండో ప్రతి "కొంటామని మాట ఇచ్చారు, రాతపూర్వక ఒప్పందం లేదు" అని యజమాని వివరణతో రాసింది.

డాలర్ల లెక్కలో మొదటి ప్రతి 12 కోట్లను 14 లక్షల డాలర్లుగా మార్చి ఊరుకుంది. ఏ రేటుతో మార్చిందో చెప్పలేదు. రెండోది రూపాయలను 120 మిలియన్లుగా ఉంచి, పక్కన డాలరుకు 85 రూపాయలన్న రేటునూ, దాని తేదీనీ ఇచ్చింది. అది అక్కరకొచ్చే వివరం. ఏడాదికి 2 లక్షల డాలర్ల వాయిదా ఆ రేటుకు 1.7 కోట్లు. డాలరు 95 అయితే 1.9 కోట్లు. అమ్మకాలు రూపాయల్లో వస్తాయి కాబట్టి ఆ అదనపు 20 లక్షలు మిల్లు మీదే పడతాయి.

రెండో ప్రతిలోనూ ఒక లోపం ఉంది. జాగ్రత్త ఎక్కువై, రిజిస్టరైన స్థలం లీజును కూడా "ఆశిస్తున్నాం" అన్న వరసలోనే పెట్టింది. చేతిలో ఉన్న కాగితాన్ని ఆశగా చూపిస్తే యజమానికే నష్టం. అయినా నా ఓటు రెండో ప్రతికే. తెలుగు ప్రతి ముట్టుకోకుండా, ఇంగ్లీషు ప్రతి ఒక్కటే పెట్టుకుని 12 కోట్ల లెక్కను మళ్లీ రాబట్టగలగాలి. ఈ పరీక్షలో అదొక్కటే నెగ్గుతుంది.