ఎదురుపడే అలక: తిరుమల ప్రణయకలహోత్సవం, దాంపత్య పరిహాసనింద

తిరుమల స్థలపురాణంలో ఒక నిజమైన తగవు ఉంది. భృగుమహర్షి విష్ణువు వక్షస్థలాన్ని కాలితో తన్నాడు. తన నివాసమైన వక్షానికి జరిగిన అవమానాన్ని భర్త సహించడమే కాక, తన్నిన ఋషికే ఉపచారం చేయడం లక్ష్మికి భరించరానిదైంది. ఆమె వైకుంఠాన్ని విడిచి కొల్లాపురానికి వెళ్లిపోయింది. ఆమె లేని వైకుంఠంలో ఉండలేక స్వామి వేంకటాచలం చేరాడని కథ. అదే కొండమీద ఏటా మరొక తగవు జరుగుతుంది. అది ప్రణయకలహోత్సవం. ఈ రెండు తగవులను పక్కపక్కన ఉంచి చూస్తే, ఏళ్ల తరబడి కలిసి బతికిన దంపతుల మాటల పోట్లాటలో ఏది ఆట, ఏది కోపం అని విడదీసే కొలత ఒకటి దొరుకుతుంది. సాహిత్యవిమర్శలో ఆ కొలతను మనం తగినంతగా వాడుకోలేదు.

ఉత్సవక్రమం ఇది. వైకుంఠ ఏకాదశినుంచి 6వ రోజున, అంటే అధ్యయనోత్సవాలలో 17వ రోజున, మలయప్పస్వామి పల్లకిలో మాడవీథులలో ప్రదక్షిణంగా బయలుదేరుతాడు. శ్రీదేవి, భూదేవి వేరే పల్లకీలలో అప్రదక్షిణంగా వస్తారు. వరాహస్వామి ఆలయం దగ్గర ఇరుపక్షాలూ ఎదురుపడతాయి. అమ్మవార్ల పక్షాన జియ్యంగార్లు మూడుసార్లు పూలచెండ్లను స్వామి మీదికి విసురుతారు. బెదిరినట్టుగా స్వామి పల్లకి వెనక్కి తగ్గుతుంది. దేవేరుల దెప్పుళ్లుగా నమ్మాళ్వారు పాశురాలు నిందాస్తుతి పద్ధతిలో వినిపిస్తాయి. తనకే పాపమూ తెలియదని స్వామి బతిమాలుకుంటాడు. చివరకు అమ్మవార్లు శాంతించి ఆయనకు ఇరుపక్కలా చేరగా, హారతి అందుకొని అందరూ కలిసి ఆలయంలోకి వెళతారు. పాశురాల తమిళం గుంపులో చాలామందికి అందకపోవచ్చు. కాని పల్లకి వెనక్కి జరగగానే ఏం జరుగుతున్నదో ఎవరికీ వివరించనక్కరలేదు.

ఇందులో దిక్కు ముఖ్యం. అప్రదక్షిణం అలకకు గుర్తు. సరైన నడకకు అది ఎదురునడక. అయితే మాడవీథులు గుడిచుట్టూ తిరిగి వచ్చే దారి. ఒకే చుట్టుదారిలో ఇద్దరు వ్యతిరేకదిశలలో నడిస్తే విడిపోలేరు, ఎక్కడో ఒకచోట ముఖాముఖి కావలసిందే. పురాణంలోని లక్ష్మి కోపం తిన్నని దారి పట్టింది, ఇల్లు దాటింది, వేరొక ఊరు చేరింది. ఉత్సవంలోని కోపం ఇంటిచుట్టూనే తిరుగుతుంది. మొదటిది మాట లేని కోపం, రెండవది మాటలతో నిండిన కోపం. మనవాళ్లు సాధారణంగా తిట్ల తీవ్రతను బట్టి తగవును తూచబోతారు. ఉత్సవం మాత్రం తగవు ఎటు నడుస్తున్నదో చూడమంటుంది.

ఆలంకారికులు ఈ భేదాన్ని ఎరుగుదురు. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో మానాన్ని రెండుగా విభజించాడు. ఈర్ష్యామానం భర్త అన్యాసక్తి వల్ల స్త్రీకి కలిగేది. ప్రణయమానం ఇద్దరికీ కలిగేది, సంతోషం నిండుగా ఉన్నప్పుడు కూడా కారణం లేకుండానే పుట్టేది. ప్రేమ నడకే వంకరది కనుక అలా జరుగుతుందని ఆయన సమాధానం. ఇక్కడ గమనించవలసింది ‘ఇద్దరికీ’ అన్న షరతు. ఒకరే తిట్టి, మరొకరు పడుతూ ఉంటే అది ఈ లక్షణానికి లొంగదు. తిరుమల ఉత్సవం చిత్రమైనది: దెప్పుళ్ల నిండా ఈర్ష్య ఉంటుంది, నడిచే తీరు మాత్రం ప్రణయమానానిది. ఆరోపణ పాతది, ముగింపు ముందే తెలిసినది, ఆయుధం పూలచెండు.

ఆధునిక భాషాశాస్త్రంలో జెఫ్రీ లీచ్ 1983లో పరిహాసనిందకు ఒక సూత్రం చెప్పాడు. ఎదుటివారి గురించి స్పష్టంగా అసత్యమైనదీ, స్పష్టంగా అమర్యాద అయినదీ అంటే, దాని ద్వారా సాన్నిహిత్యం తెలుస్తుందని దాని సారం. మిత్రుల మధ్య ఇది బాగా నిలుస్తుంది. దంపతుల దగ్గరికి వచ్చేసరికి అందులోని ‘అసత్యం’ షరతు బెసుకుతుంది. చిత్తూరు ప్రాంతపు పల్లె ఇంట్లో వినిపించగల మాటలను ఉదాహరణగా కల్పించుకుందాం.

“యోవ్ ముసిలోడా, సంగటి సల్లారిపోతా ఉండాది. కండ్లద్దాలు నెత్తిన బెట్టుకోని ఇల్లంతా ఎతకతా ఉండావా?”

“నువ్వీ ఇంట్లోకి వచ్చినకాణ్ణించి నాకేం కనబడింది లేమ్మే.”

“కనబడకుండానే నలబై ఏండ్లు నా చేతి కూడు తింటివా?”

అతడు ముసలివాడే, అద్దాలు నెత్తిన ఉన్నదీ నిజమే. ఇది అసత్యం కాదు. అయినా గాయపరచదు, ఎందుకంటే ఇందులో కొత్త సమాచారం లేదు. నలభై ఏళ్లుగా వాడి వాడి పదును అరిగిపోయిన మాట ఇది. కనుక లీచ్ సూత్రాన్ని దాంపత్యానికి వర్తింపజేసేటప్పుడు అసత్యం స్థానంలో పాతదనాన్ని ఉంచుకోవాలి. రెండవది, ప్రతి మాటకూ జవాబు ఉంది, చివరిమాట భార్యది. మూడవది, తిట్టు వెంట నడిచే పని. సంగటి చల్లారకముందే తినాలన్న తాపత్రయమే ఇక్కడ తిట్టుకు మూలం. ‘యోవ్’, ‘మే’ అన్న పిలుపులు కూడా అంతే. బయటివారి చెవికి మోటుగా వినిపించే ఆ పిలుపులే ముఖం ఎదుటివారివైపు ఉందని చెబుతాయి.

అదే ఇంట్లో నిజమైన కోపం వచ్చిందనుకుందాం. పిలుపు మాయమౌతుంది. “మీ నాయనకు చెప్పు, కూడు పెట్టినానని” అంటూ మాట బిడ్డ మీదుగా పోతుంది. అందులో తిట్టు ఒక్కటీ లేదు, మర్యాదకు లోటూ లేదు. తిట్లను లెక్కపెట్టే పాఠకుడు ఈ రెండవ సన్నివేశాన్ని శాంతంగా భావించి పొరబడతాడు. ఉత్సవంలోనూ మధ్యవర్తులు ఉన్నారు కదా అని ఆక్షేపణ రావచ్చు. ఉన్నారు, కాని అక్కడ దంపతులు ఎదురెదురుగా నిలిచి ఉండగా వారి పక్షాన మాట నడుస్తుంది. ఇక్కడ ముఖం తిప్పుకున్నందువల్ల మధ్యవర్తి అవసరమయ్యాడు.

ఈ కొలతకు హద్దులు ఉన్నాయి. దేవేరుల మాటలను ఉత్సవంలో పలికేవారు పురుషులే. ఆ కంఠం స్త్రీదని తొందరపడి అనలేం. ఇంట్లోనైతే, భర్త తిట్టు వెనుక చెయ్యి లేవగల అధికారం ఉన్నప్పుడు భార్య నవ్వు ఆటకు గుర్తు కానక్కరలేదు, అది ఆత్మరక్షణ కావచ్చు. అందుకే ‘మాకిది మామూలే’ అన్న దంపతుల సాక్ష్యం ఒక్కటే చాలదు. ఆమె వెనక్కి అనగలదా, అన్నప్పుడు పల్లకి వెనక్కి తగ్గుతుందా అని చూడాలి. ప్రణయకలహంలో బెదిరినట్టు నటించే బాధ్యత బలవంతుడిది.

ఈ దృష్టి అన్నమయ్య శృంగార సంకీర్తనలకు ప్రత్యేకంగా అవసరం. రాగిరేకులలో సంకీర్తనకు రాగం పేరు ఉంటుంది కాని, ఎవరు, ఏ సందర్భంలో, ఎవరితో అంటున్నారో సాధారణంగా ఉండదు. ఆ ఖాళీని పూరించడానికి మన వ్యాఖ్యాతలు నాయికాభేదాలను ఆశ్రయిస్తారు. దెప్పిపొడుపు కనబడగానే ఖండిత అని పేరు పెడతారు. ఖండిత అన్న మాటతోనే భర్త రాత్రి వేరొకచోట గడిపాడన్న కథ పాఠంలోకి వచ్చి కూర్చుంటుంది. పాఠంలో ఆ కథ లేనిచోట కూడా! ముందుగా అడగవలసిన ప్రశ్నలు వేరు. ఆరోపణ కొత్తదా, పాతదా? సంబోధన నేరుగా ఉందా, చెలికత్తె మీదుగా పోతున్నదా? తిట్టే నోటి పక్కన చెయ్యి ఏం చేస్తున్నది, విడెం అందిస్తున్నదా, తలుపు మూస్తున్నదా? ఈ ప్రశ్నలతో చదివితే ఖండిత కింద జమకట్టిన పదాలలో కొన్ని ఇల్లాలి మాటలుగా తేలవచ్చు. అక్కడ అలమేలుమంగ విరహిణి కాదు, మొగుడి వంకలన్నీ ఎరిగి, వాటిని అతడి ముఖాననే చెప్పగల ఇంటిమనిషి.