తప్పు జవాబుకు చోటులేని పాఠ్యపథకం: సూక్ష్మబోధనలో తరచి ప్రశ్నించే నైపుణ్యం

బి.ఎడ్. తెలుగు బోధనాపద్ధతిలో ఛాత్రోపాధ్యాయులు రాసే సూక్ష్మబోధన పథకాలను పరిశీలిస్తే ఒక సామాన్య లక్షణం కనిపిస్తుంది. ఎడమవైపు ఉపాధ్యాయుని ప్రశ్న, కుడివైపు విద్యార్థి చెప్పే సరైన జవాబు ఉంటాయి. ప్రశ్నలను ధారాళంగా అడగడం అభ్యసించేటప్పుడు ఈ నమూనా కొంతవరకు సరిపోతుంది. తరచి ప్రశ్నించే నైపుణ్యానికి మాత్రం ఇది సరిపోదు. ఎందుకంటే ఆ నైపుణ్యం తప్పు జవాబో, అరకొర జవాబో వచ్చిన తరువాతే మొదలవుతుంది. కాబట్టి ఆ తప్పును ముందుగా ఊహించి రాయని పథకంలో అభ్యసించవలసిన నైపుణ్యానికే చోటు లేదన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

1963లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకొన్న సూక్ష్మబోధన భారతదేశంలో 36 నిమిషాల చక్రంగా స్థిరపడింది. బోధనకు 6, ప్రతిపుష్టికి 6, పథకాన్ని తిరిగి రాయడానికి 12, పునర్బోధనకు 6, మళ్లీ ప్రతిపుష్టికి 6 నిమిషాలు. ఆరు నిమిషాల్లో సవర్ణదీర్ఘసంధి మొత్తాన్ని బోధించడం సాధ్యం కాదు. ఒక్క పదం, దాని చుట్టూ ఒక్క పొరపాటు చాలు.

ఎనిమిదో తరగతి స్థాయిలో ‘దేవాలయం’ పదాన్ని తీసుకుందాం. విడదీయమంటే పిల్లలు తరచుగా ‘దేవా + లయం’ అంటారు. చెవికి వినిపించిన చోట పదాన్ని తెంచడమే ఆ పొరపాటుకు మూలం. పథకంలో ఈ జవాబునే మొదట రాసుకోవాలి. ఆపై నైపుణ్యంలోని అయిదు అంశాలు వరుసగా వస్తాయి.

మొదటిది ఊతమిచ్చే ప్రశ్న: “ఇందులో గుడి అనే అర్థమిచ్చే మాట ఏది?” విద్యార్థి ‘ఆలయం’ అని గుర్తించి, ‘దేవ + ఆలయం’ అని తానే సవరించుకొంటాడు. రెండవది మరింత వివరణ కోరే ప్రశ్న: “ఇలా ఎందుకు విడదీశావు?” అప్పుడు ‘దేవ’ చివరి అకారం, ‘ఆలయం’ మొదటి ఆకారం కలిసి దీర్ఘమయ్యాయన్న కారణం బయటపడుతుంది. మూడవది ఆ జవాబును మరో సందర్భానికి ముడిపెట్టే ప్రశ్న: “కవీంద్రుడు అనే మాటలో ఇదే పద్ధతి ఎలా కనిపిస్తుంది?” నాలుగవది, ఆ ప్రశ్ననే మరో ఇద్దరికి మళ్లించడం. అయిదవది విమర్శనాత్మక ఎరుకను పెంచే ప్రశ్న: “దేవేంద్రుడు అన్నప్పుడు అకారం, ఇకారం కలిశాయి కదా, దాన్ని కూడా సవర్ణదీర్ఘసంధి అని ఎందుకు అనలేం?” అవి సవర్ణాలు కావనీ, అక్కడ దీర్ఘానికి బదులు ఏకారం వచ్చిందనీ విద్యార్థి చెప్పగలిగితే సూత్రం అర్థమైనట్లే.

ఇక్కడొక చిక్కు ఉంది. విద్యార్థుల పాత్ర వహించేవారు సహాధ్యాయులే. వారికి సంధి తెలుసు కాబట్టి మొదటిసారే సరైన జవాబు చెప్పేస్తారు. అప్పుడు తరచవలసిన అవసరమే రాదు. అందువల్ల ఇద్దరికి ముందుగానే చీటీలివ్వాలి. ఒకరు ‘దేవా + లయం’ అనాలి, మరొకరు ‘తెలియదు’ అనాలి. ఏ చీటీ ఎవరి దగ్గరుందో బోధించేవారికి తెలియకూడదు.

సహాధ్యాయుల పరిశీలన పట్టికలోనూ ఇదే లోపం ఉంది. ‘బాగుంది’, ‘పరవాలేదు’ అనే గడులు స్నేహాన్ని కొలుస్తాయే గాని నైపుణ్యాన్ని కొలవవు. వాటికి బదులు పరిశీలకుడు విన్నదానికి గీత గీయాలి, లేదా విన్నది విన్నట్లు రాయాలి.

1. తప్పు జవాబు తరువాత ఉపాధ్యాయుడు అన్న మొదటి మాట (యథాతథంగా రాయాలి).
2. ఊతమిచ్చే ప్రశ్నలు ఎన్ని? వాటిలో ఎన్నింటికి విద్యార్థి కేవలం ‘అవును’ అన్నాడు?
3. ‘ఎందుకు’, ‘ఎలా’ అని వివరణ కోరిన సందర్భాలు ఎన్ని?
4. ప్రశ్న వేశాక కనీసం మూడు సెకన్లు ఆగిన సందర్భాలు ఎన్ని?
5. ప్రశ్నను ఇతరులకు మళ్లించాక, తప్పు చెప్పిన విద్యార్థి దగ్గరికి తిరిగి వచ్చారా?

రెండవ అంశం కీలకం. “ఇక్కడ ఆలయం అనే మాట ఉంది కదా?” అన్నది ప్రశ్నలా వినిపించే సమాధానం. దానికి ‘అవును’ తప్ప వేరే జవాబు రాదు. అటువంటి గీతలు ఎక్కువైతే ఉపాధ్యాయుడు ఊతమివ్వడం మాని, జవాబు అందిస్తున్నాడని గ్రహించవచ్చు. అయిదవ అంశం మరో లోపాన్ని పట్టిస్తుంది. తప్పు చెప్పినవాణ్ణి వదిలేసి చురుకైనవాడి దగ్గరికి వెళ్లడం మళ్లింపు కాదు, తప్పించుకోవడం.

అయితే గీతల సంఖ్యను మార్కులుగా మార్చకూడదు. మారిస్తే అవసరం లేని చోటా ‘ఎందుకు?’ అని అడిగి లెక్క పూరిస్తారు. సంఖ్యలు పన్నెండు నిమిషాల పునఃప్రణాళికకు ఆధారాలు మాత్రమే. ‘అవును’ అనిపించిన ప్రశ్నను ఎంచుకొని తిరిగి రాసి, వేరొక బృందానికి బోధించి, రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూడాలి.

చీటీలోని తప్పు అసలైన పిల్లవాడి తప్పు కాదన్న పరిమితి మిగిలే ఉంటుంది. బడిలో మనం ఊహించని జవాబులు ఎన్నో వస్తాయి. కాని ఒక తప్పును ముందుగా ఊహించి, దాని వెనుకనున్న ఆలోచనను వెతకడం అలవాటైనవారు, ఊహించని తప్పు వినిపించినప్పుడు కూడా “కాదు, కూర్చో” అనకముందు ఒక క్షణం ఆగుతారు.