163 నుంచి 166 దాకా

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అరకు కొండల్లో కాఫీ పండ్లు కోస్తారు. ఆ రోజుల్లో ఒక చిన్న రైతుల సంఘం లెక్కలు సరిచూడటానికి వెళ్తుంటాను. రైతు పండ్లు తెస్తాడు, కాటా వేస్తారు, కార్బన్ పెట్టి రసీదు రాస్తారు. పై కాగితం రైతుకి, అడుగు కాగితం పుస్తకంలో. సాయంత్రం ఆ అడుగు కాగితాలు చూసి కంప్యూటర్లో ఎక్కిస్తారు. వారం చివర దాన్నిబట్టే డబ్బులిస్తారు.

నేను కూర్చోగానే మొత్తాలు చూడను, నంబర్లు చూస్తాను. ఒక జనవరిలో నా ముందున్నవి 101 నుంచి 200 దాకా రెండు పుస్తకాల పద్దులు. వంద వరసలుండాలి, 96 ఉన్నాయి. నాలుగు పోయాయి అనుకుంటే అక్కడే తప్పులో పడతాం. నంబర్లను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి, పక్క గడిలో ఈ తేడా వేశాను:

```
=A3-A2
```

కిందికి లాగితే అంతటా 1 రావాలి. 2 వస్తే మధ్యలో ఒకటి లేదు, 5 వస్తే నాలుగు లేవు, 0 వస్తే అదే నంబరు రెండుసార్లు పడింది. (నంబర్లు అక్షరాలుగా ఎక్కితే 99 కన్నా 100 ముందొచ్చి కూర్చుంటుంది. కాబట్టి ముందు వాటిని అంకెలుగా మార్చుకోవాలి.) 127 దగ్గర ఒక ఖాళీ, 163 నుంచి 166 దాకా నాలుగు ఖాళీలు కనబడ్డాయి. 138 మాత్రం రెండుసార్లు ఉంది. లేనివి అయిదు, ఎక్కువ పడింది ఒకటి. ఆ ఒక్కటి ఒక లోటును కప్పేసింది. వట్టి లెక్కింపునే నమ్ముకుంటే నాలుగు దొరకగానే లేచి వచ్చేసేవాణ్ణి, 138 రైతుకి రెండుసార్లు డబ్బు వెళ్ళేది.

127 కథ చిన్నది. తూకం తప్పు రాసి రసీదు కొట్టేశారు. రెండు కాగితాలూ అడ్డగీతతో పుస్తకంలోనే ఉన్నాయి. అలా ఉంటేనే అది రద్దు. రైతు కాగితం చించి పారేసి ఉంటే, రద్దయిందనడానికి నోటిమాట తప్ప ఏమీ మిగలదు. జీఎస్‌టీఆర్-1లో 13వ పట్టిక కూడా ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా వాడారు, వాటిలో ఎన్ని రద్దయ్యాయి అని విడిగా అడుగుతుంది.

మిగిలిన నాలుగింటికి తేదీలు కావాలి. 162 గురువారం రాసింది, 167 శనివారం. శుక్రవారం అరకు సంత. "సంత రోజు ఎవరూ రాలేదేమో సార్" అన్నాడు పద్దు ఎక్కించే కుర్రాడు. నిజంగా కాటా మూసి ఉంటే తేదీ ఒక్కటే దూకుతుంది, గురువారం 162 తర్వాత శనివారం 163 వస్తుంది. తేదీ, నంబరు రెండూ కలిసి దూకాయంటే ఆ రోజు పని జరిగింది, కాగితమే పద్దులోకి రాలేదు. నంబరు ముందుకి పోతూ తేదీ వెనక్కి వస్తే ఇంకో అనుమానం, తర్వాతెప్పుడో కూర్చుని రాసిన రసీదేమోనని.

పుస్తకం తీసి చూస్తే ఆ నాలుగు అడుగు కాగితాలూ తెల్లగా ఉన్నాయి. కుర్రాడు వాడనివనుకుని తిప్పేశాడు. నాకు అప్పుడు గుర్తొచ్చింది పల్పింగ్ యూనిట్ చిట్టా. పండిన పండు రాత్రి దాటితే పులుస్తుంది కాబట్టి కొన్న రోజే తొక్క తీయాలి. ఆ చిట్టాలో శుక్రవారం 212 కిలోలు యంత్రంలో పోసినట్టు ఉంది.

మర్నాడు ఊళ్ళోకి వెళ్ళి అడిగాం. ఒక పెద్దావిడ తాటాకు బుట్ట అడుగునుంచి మడత కాగితం తీసింది. "శుక్రవారం పండ్లకి డబ్బులు రాలేదు బాబూ. అడిగితే పుస్తకంలో లేదన్నారు" అంది. 163, 48 కిలోలు. కాగితం తిప్పి చూశాను. వెనకవైపు అదే రాత అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. ఆ రోజు కార్బన్ బోర్లా పెట్టారు. మసి కింది కాగితానికి కాక పై కాగితం వీపుకే అంటుకుంది. మిగతా ముగ్గురి చీటీలూ దొరికాయి: 61.5, 37, 65.5. అన్నీ కలిపితే 212.

ఆవిడ ఆ చీటీ పారేసి ఉంటే నలభై ఎనిమిది కిలోల కష్టానికి మా దగ్గర ఒక తెల్ల కాగితమే ఉండేది. ఆ తెల్ల కాగితం మీద తర్వాత ఎవరైనా ఏ పేరైనా రాయొచ్చు. అందుకే ఆ నాలుగింటినీ అక్కడే గీత కొట్టించి, చీటీల నకళ్ళు అంటించాం.

నంబర్లు పట్టివ్వలేనివీ ఉన్నాయి. చివర పోయినవి ఖాళీగా కనబడవు. 200 తర్వాత మరో పుస్తకం నడిచిందా అన్నది పద్దులో తెలియదు. ఏ పుస్తకం ఏ తేదీన ఎవరికిచ్చారో రాసే స్టోరు రిజిస్టరు చూడాలి. అసలు రసీదే రాయకుండా కొన్న పండ్లకైతే వరసలో చోటే ఉండదు. దాన్ని పట్టాలంటే ప్రతి రోజూ రసీదుల బరువును యంత్రంలో పోసిన బరువుతో పోల్చాలి. ఇప్పుడు ఆ రెండు అంకెలనూ ఒకే పేజీలో పక్కపక్కన రాయిస్తున్నాం. శుక్రవారాలు కూడా.